నెలనెలా వచ్చే పని: క్యాలెండర్‌లో పెట్టాలా, టాస్క్ యాప్‌లోనా, టికెట్‌గానా?

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు ఆఫీసులో రెండు సర్వర్లున్నాయి. ఒకటి విండోస్, దాని మీద అకౌంట్లు నడుస్తాయి. ఇంకోటి ఉబుంటు, దాని మీద కాంటా లెక్కలు, బ్యాకప్‌లు ఉంటాయి. నేను నల్లగొండ నుంచి వెళ్లి వాటిని చూసుకుంటాను. నెలకోసారి ప్యాచ్‌లు వేసి రీబూట్ చేయడం నా పని. పక్క గదిలో కూర్చునే అకౌంటెంట్‌కూ ఒక నెలవారీ పని ఉంది. రబ్బరు రోలర్లు, సంచులు, మోటారు మరమ్మతుల బిల్లులు జీఎస్టీ పోర్టల్‌లో కనిపిస్తున్నాయా లేదా అని ఒక్కొక్కటీ సరిచూడాలి. ఇవి రెండూ నెలకోసారి వచ్చే పనులే కదా అని మొదట్లో రెండింటినీ ఒకే ఫోన్ క్యాలెండర్‌లో, ఒకే పద్ధతిలో పెట్టాం. రెండూ దెబ్బతిన్నాయి, అదీ వేర్వేరు కారణాలకు.

ఇలాంటి పనులకు మన దగ్గర మామూలుగా నాలుగు దారులున్నాయి: ఫోన్‌లోని క్యాలెండర్, పూర్తయ్యాక టిక్ కొట్టే టాస్క్ యాప్, తేదీ రాగానే తనంతట తానే కొత్త టికెట్, అంటే ఆ పనికి ఒక విడి కార్డు, పుట్టించే బోర్డు, సర్వర్‌లోనే పెట్టే టైమర్. ఏది మంచిదని అడిగేవాళ్లకు నేను యాప్ పేరు వెంటనే చెప్పను. ముందు మీ పని గురించి రెండు సంగతులు తేల్చుకోమంటాను. తర్వాతి తేదీని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? ఒక నెల తప్పిపోతే ఆ నెల పని ఏమవుతుంది? ఈ రెండూ తేలితే సాధనం దానంతటదే తేలుతుంది.

తేదీని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి

మా మిల్లులో సర్వర్‌కు సంబంధించి మూడో పని కూడా ఉంది. ఊక దుమ్ము, తవుడు దుమ్ము ఎంత తలుపు మూసినా లోపలికి వస్తాయి. ఫ్యాన్ రెక్కల మీద బూడిదరంగు పొర కడుతుంది. క్యాబినెట్ విప్పి బ్లోయర్‌తో ఊదకపోతే మెషీన్ వేడెక్కి మొరాయిస్తుంది. మేం 45 రోజులకోసారి ఊదుతాం. ఈ పనికి క్యాలెండర్ తేదీతో సంబంధం లేదు. పోయినసారి ఎప్పుడు ఊదామో అక్కడి నుంచి దుమ్ము పేరుకోవడం మొదలవుతుంది. పది రోజులు ఆలస్యంగా చేస్తే తర్వాతిదీ పది రోజులు జరగాలి. అందుకే దీన్ని పూర్తి చేసిన రోజు నుంచి లెక్కపెట్టే పద్ధతిలో పెట్టాను. టుడూయిస్ట్ యాప్‌లో ఈ తేడా ఒక్క ఆశ్చర్యార్థకంతో వస్తుంది:

```
every 45 days
every! 45 days
```

మొదటిది ముందే వేసుకున్న తేదీల వరుసలో నడుస్తుంది. రెండోది మీరు టిక్ కొట్టిన రోజు నుంచి 45 రోజులు లెక్కపెడుతుంది. దుమ్ముకు రెండోదే సరైనది.

అదే పద్ధతిని బిల్లుల సరిచూతకు పెడితే ఏం జరుగుతుందో చూడండి. అమ్మినవాళ్లు తమ అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 నెలనెలా వేసేవాళ్లైతే దాని గడువు తర్వాతి నెల 11. వాళ్లు చూపించిన బిల్లుల జాబితా, జీఎస్టీఆర్-2బి, మనకు 14న తయారవుతుంది. మనం పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బి 20లోపు వేయాలి. అంటే సరిచూడటానికి దొరికేది 14కూ 20కీ మధ్య ఉన్న కొద్ది రోజులే. ఒక నెల 18న ముగించి టిక్ కొట్టారనుకోండి. పూర్తయిన రోజు నుంచి లెక్కపెట్టే యాప్ తర్వాతి నెల 18ననే గుర్తుచేస్తుంది. ఆ నెల ఒక్కరోజు ఆలస్యమై 19న ముగుస్తుంది. మూడో నెల గంట మోగేదే 19న. మధ్యలో ఆదివారం వచ్చి, అకౌంటెంట్ పెళ్లికి పోయి, పని 21న అయింది. గడువు దాటిపోయింది. ఎవరూ పెద్ద తప్పు చేయలేదు, తేదీయే మెల్లగా జారింది. రెండు మూడు నెలలు బాగానే నడుస్తుంది కాబట్టి ఈ జారుడు ముందుగా కనిపించదు. పోయిన ఆరుసార్లు ఏ తేదీల్లో ముగించారో వరుసగా రాసి చూస్తే తెలుస్తుంది. తేదీలు ఒకే వైపు పెరుగుతుంటే పద్ధతి తప్పు పెట్టారన్నమాట.

ప్రభుత్వం పెట్టిన గడువైనా, కంపెనీ విడుదల చేసే తేదీ అయినా, బయటివాళ్లు తేదీ నిర్ణయించే పనిని స్థిరమైన తేదీకే కట్టాలి. అరుగుదల, దుమ్ము, బ్యాటరీ నీళ్లలాంటివాటిని పోయినసారి చేసిన రోజుకు కట్టాలి.

రెండో శనివారం చేసిన మోసం

ప్యాచ్‌ల విషయంలో స్థిరమైన తేదీనే పెట్టాను, కానీ ఆ తేదీ ఎంచుకోవడంలో తప్పు చేశాను. మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం రెండో మంగళవారం ఉదయం పదింటికి వస్తాయి. మనకు అప్పుడు మంగళవారం రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. రెండో శనివారం బ్యాంకులకు సెలవు, ఆఫీసు ఖాళీగా ఉంటుంది. రెండో మంగళవారం తర్వాత రెండో శనివారమే కదా వచ్చేది అనుకుని క్యాలెండర్‌లో ప్రతి నెలా రెండో శనివారం అని పెట్టేశాను.

2025 అక్టోబర్ ఒకటో తేదీ బుధవారం. కాబట్టి ఆ నెల రెండో శనివారం 11న, రెండో మంగళవారం 14న వచ్చాయి. 11న ఫోన్ మోగింది. సర్వర్‌లో లాగిన్ అయి అప్‌డేట్స్ పేజీ తెరిస్తే పచ్చ టిక్‌తో `You're up to date` అని ఉంది. సెప్టెంబర్‌వి ముందే వేసేశాం కాబట్టి అది నిజమే. నేనూ సంతోషంగా పని అయిందని రాసుకున్నాను. మూడు రోజుల తర్వాత అక్టోబర్ ప్యాచ్‌లు వచ్చాయి. తర్వాతి గంట నవంబర్ 8న మోగింది. అంటే విడుదలైన ప్యాచ్‌లు 25 రోజులు పడకుండా ఉన్నాయి. నా లెక్కలో మాత్రం ఏ నెలా తప్పలేదు.

ఇది అరుదుగా వచ్చే తిరకాసు కాదు. నెల బుధ, గురు, శుక్ర, శనివారాల్లో దేనితో మొదలైనా రెండో శనివారం రెండో మంగళవారం కంటే ముందే వస్తుంది. ఏడు రకాల నెలల్లో నాలుగు అలాంటివే. రెండో బుధవారం పెట్టుకునేవాళ్లకు కూడా, బుధవారంతో మొదలైన నెలలో ఇదే గతి.

దీనికి మందు రెండు రకాలు. మామూలు క్యాలెండర్‌తోనే నెట్టుకురావాలంటే మూడో శనివారం పెట్టుకోండి. రెండో మంగళవారం ఎప్పుడూ 8కీ 14కీ మధ్యనే పడుతుంది, మూడో శనివారం 15కు ముందు రాదు. కాబట్టి వరుస ఎప్పుడూ తప్పదు. కొన్ని నెలల్లో విడుదలైన నాలుగో రోజున, కొన్ని నెలల్లో పదకొండో రోజున పని పడుతుంది. మిల్లులాంటి చోట, ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి లేని సర్వర్‌కు ఈ ఆలస్యం నాకు అభ్యంతరం కాదు. ప్యాచ్‌లోనే ఏదైనా లోపముంటే ఆలోపు బయటపడుతుంది కూడా. ప్రతి నెలా సరిగ్గా నాలుగో రోజునే కావాలంటే 12 నుంచి 18 మధ్య వచ్చే శనివారం అని చెప్పగలగాలి. ఫోన్ క్యాలెండర్లలో ఆ ఎంపిక మామూలుగా ఉండదు. అక్కడ సర్వర్ టైమర్ పనికొస్తుంది.

సర్వర్ టైమర్: గుర్తుచేయడానికే, చేయడానికి కాదు

చాలామందికి వెంటనే గుర్తొచ్చేది, లినక్స్‌లో చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్. చూడటానికి సరిగ్గానే ఉన్నట్టు కనిపించే ఈ వరుస నన్ను ఒకసారి బోల్తా కొట్టించింది:

```
0 21 12-18 * 6  /usr/local/bin/patch-note.sh
```

12 నుంచి 18 మధ్య శనివారం రాత్రి తొమ్మిదికి అని చదువుకుంటాం. క్రాన్ అలా చదవదు. తేదీ, వారం రెండూ ఇస్తే వాటిలో ఏది కలిసినా నడిపేస్తుంది. కాబట్టి 12 నుంచి 18 దాకా రోజూ, ఆపైన నెలలోని మిగతా శనివారాలన్నీ కూడా నడుస్తుంది. నెలకు ఒక మెయిల్ రావాల్సిన చోట పదో పదకొండో వస్తే అనుమానించాల్సింది దీన్నే. క్రానే వాడాలంటే వారాన్ని విడిగా పరీక్షించాలి:

```
0 21 12-18 * *  [ "$(date +\%u)" = 6 ] && /usr/local/bin/patch-note.sh
```

శాతం గుర్తుకు ముందు ఆ వెనక్కి వాలిన గీత మరిచిపోతే క్రాన్ ఆ గుర్తు దగ్గరే వరుసను తెంపేస్తుంది. నేనైతే ఉబుంటులో సిస్టమ్‌డీ టైమర్ వాడుతున్నాను. అందులో వారం, తేదీ రెండూ కలిస్తేనే నడుస్తుంది:

```
[Timer]
OnCalendar=Sat *-*-12..18 21:00:00
Persistent=true
```

పెట్టాక నమ్మకంతో వదిలేయకుండా, రాబోయే ఐదు తేదీలు ఏమిటో దాన్నే అడగండి:

```
systemd-analyze calendar --iterations=5 "Sat *-*-12..18 21:00:00"
```

వచ్చిన తేదీలను గోడ మీది క్యాలెండర్‌తో పోల్చండి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే రాత్రి తొమ్మిది అన్నది మనకు ఆదివారం తెల్లవారుజాము రెండున్నర అవుతుంది. ఆ తేడా కూడా ఇక్కడే కనిపిస్తుంది.

టైమర్‌లోని చివరి వరుస గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. శనివారం రాత్రి కరెంటు పోయి సర్వర్ ఆగి ఉంటే క్రాన్ ఆ పనిని వదిలేస్తుంది, ఇక నెల తర్వాతే. `Persistent=true` ఉంటే మెషీన్ లేవగానే తప్పిపోయిన పనిని నడుపుతుంది. గుర్తుచేసే మెయిల్‌కైతే ఇది చాలా మంచి గుణం. కానీ ఆ స్క్రిప్టులో రీబూట్ కూడా పెట్టారనుకోండి. సోమవారం పొద్దున పదింటికి, కాంటా మీద ధాన్యం లారీ నిలబడి ఉండగా, సర్వర్ తప్పిపోయిన పని గుర్తొచ్చి రీబూట్ అవుతుంది. అందుకే మా స్క్రిప్టు పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్ల జాబితా, `/var/run/reboot-required` అనే ఫైలు ఉందా లేదా, ఈ రెండే మెయిల్ చేస్తుంది. రీబూట్ మనిషే చేస్తాడు. ఉబుంటులో భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టుకోవచ్చు, మేమూ పెట్టాం. కానీ కొత్త కెర్నల్ పడినా రీబూట్ చేసేదాకా పాతదే నడుస్తుంటుంది.

సర్వర్ టైమర్‌కు ఒక పరిమితి కూడా ఉంది. సర్వర్ చచ్చిపోతే గుర్తుచేసేదీ దానితోపాటే పోతుంది. మెయిల్ రాకపోవడం అంటే పని లేదని కాదు. అందుకే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను.

తప్పిన నెల ఏమవుతుంది

నా దృష్టిలో అసలు ఎంపికను తేల్చేది ఈ ప్రశ్నే. విండోస్ నెలవారీ అప్‌డేట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అక్టోబర్‌ది తప్పి నవంబర్‌ది వేస్తే అక్టోబర్‌ది కూడా పడినట్టే. ఆలస్యం వల్ల ప్రమాదం ఉన్నా, రెండుసార్లు చేయాల్సిన పని మాత్రం మిగలదు. బిల్లుల సరిచూత అలా కాదు. ఏప్రిల్ బిల్లుల లెక్క ఏప్రిల్‌దే, మే లెక్క మేదే. ఏప్రిల్ 2బిలో సంచుల వ్యాపారి బిల్లు కనిపించకపోతే అతనికి ఫోన్ చేయాలి, అతను తర్వాతి రిటర్న్‌లో చూపించాలి, చూపించాడో లేదో మళ్లీ చూడాలి. అది తేలేదాకా ఆ పన్ను క్రెడిట్ మనకు రాదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటితే ఇక మామూలుగా అడిగే వీలుండదు. ఒక్కో నెల ఒక్కో బాకీలాగా విడిగా నిలబడుతుంది.

ఇప్పుడు సాధనాలను దీని పక్కన పెట్టండి. క్యాలెండర్ గంట మోగి దాటిపోతుంది. చేశారా లేదా అన్నది దానికి తెలియదు. నేను ఒకసారి నార్కట్‌పల్లి దగ్గర బైక్ మీద ఉండగా ఫోన్ మోగింది, తీసి పక్కకు తోసేశాను. ఆ నెల ఇక ఎక్కడా కనిపించలేదు. టాస్క్ యాప్ కొంచెం నయం, ఎర్రగా నిలబడి ఉంటుంది. కానీ రెండు నెలలు తప్పినా అది ఒక్కటే వరుస. టుడూయిస్ట్‌లో మామూలు నెలవారీ పనికి ఆలస్యంగా టిక్ కొడితే, మధ్యలో దాటిన తేదీలను వదిలి రాబోయే తేదీకి దూకుతుంది. మా అకౌంటెంట్ విషయంలో జరిగింది ఇదే. ఏప్రిల్ సరిచూత చేయలేదు. మే సరిచూత చేసి టిక్ కొట్టాడు. ఎర్రరంగు పోయింది.

ఏప్రిల్‌ది ఏమైందని అడిగితే, "టిక్ కొట్టిన గద అన్నా, ఇంకేముంది" అన్నాడు. స్క్రీన్ చూపించాడు కూడా. అతను అబద్ధం చెప్పడం లేదు. రెండు నెలల పనికి ఒక్క గడి ఇచ్చింది మేమే.

అందుకే విడిగా నిలబడే పనులకు టికెట్టే కావాలంటాను. ట్రెల్లోలాంటి బోర్డులో, పాతది ముగిసినా ముగియకపోయినా ప్రతి నెలా కొత్త కార్డు దానంతటదే పుట్టేలా పెట్టవచ్చు. ఏప్రిల్ కార్డు, మే కార్డు పక్కపక్కన నిలబడతాయి. అవి ఏ నెల బిల్లులన్నది కార్డు పేరులో తప్పకుండా ఉండాలి. 'బిల్లుల సరిచూత' అని మాత్రమే ఉంటే రెండు కార్డులున్నా ఒకటి పొరపాటున రెండోసారి వచ్చిందనుకుని తీసేస్తారు. అదీ మాకు జరిగింది. ఇప్పుడు కార్డు 15న పుడుతుంది, గడువు 18. 20 దాకా రెండు రోజులు చేతిలో ఉంటాయి. 2బిలో కనిపించని బిల్లుల సంఖ్య రాయనిదే కార్డు మూయకూడదు. సున్నా అయినా సున్నా అని రాయాలి. దొరకని బిల్లులుంటే ఆ కార్డు మూయం, వ్యాపారి పేరుతో అలాగే తెరిచి ఉంచుతాం.

ప్యాచ్‌లకు ఇదే టికెట్ పద్ధతి పెడితే తప్పేమీ లేదు, కాకపోతే ఒక నెల తప్పితే రెండు కార్డుల్లో పాతది అనవసరంగా మిగులుతుంది. మనసులో దిగులు పెంచడం తప్ప దానితో పని లేదు. కలిసిపోయే పనికి ఒకే ఎర్ర వరుస చాలు. కాబట్టి ప్యాచ్‌లు మా దగ్గర టాస్క్ యాప్‌లో మూడో శనివారానికి ఉన్నాయి, దాని వెనకాల సర్వర్ పంపే మెయిల్ ఉంది. మూసేటప్పుడు నేను రాసేవి రెండే: మైక్రోసాఫ్ట్ ఒక్కో అప్‌డేట్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే పడిన కేబీ నంబర్, సర్వర్ చివరిసారి లేచిన సమయం. ఉబుంటులో ఆ సమయం `uptime -s` చెబుతుంది. ఆ తేదీ శనివారం కంటే పాతదైతే ప్యాచ్ పడినా రీబూట్ కాలేదని అర్థం. 2025 అక్టోబర్‌లో `You're up to date` అన్న మాట కాకుండా కేబీ నంబర్ రాయమని ఉండి ఉంటే, సెప్టెంబర్ నంబరే మళ్లీ రాయాల్సి వచ్చి అక్కడే ఆగేవాణ్ని.

ఎవరి ఫోన్‌లో, ఏ సీజన్‌లో

పాత కంప్యూటర్ అబ్బాయి తన సొంత ఖాతాలో అన్నీ పెట్టుకుని హైదరాబాద్ వెళ్లిపోయాడు. గంటలు అతని ఫోన్‌లో మోగుతూనే ఉండి ఉంటాయి. ఖాతా మిల్లుదై ఉండాలి. అలాగని ముగ్గురికి ఒకే మెయిల్ వెళ్లేలా పెట్టినా పని కాదు. ఒకరు చేశారని ఇంకొకరు అనుకుంటారు. పని ఒకరి పేరు మీదే ఉండాలి, గడువు దాటితే మాత్రం రెండో మనిషికి తెలియాలి. మాకు ఆ రెండో మనిషి మేనేజర్ సార్.

సీజన్ సంగతి ఈ ప్రాంతంలో వదిలేయలేం. సాగర్ ఎడమ కాల్వ కింద వానాకాలం పంట, తర్వాత యాసంగి పంట మిల్లులకు వచ్చినప్పుడు రాత్రి కూడా కాంటా ఆగదు. అప్పుడు శనివారం రాత్రి తొమ్మిదికి రీబూట్ అంటే గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ నెలల్లో కాంటా దగ్గరి మనిషిని అడిగి సమయం మార్చుకుంటాం, మామూలుగా తెల్లవారుజామున దొరుకుతుంది. మార్చేటప్పుడు గూగుల్ క్యాలెండర్ ఈ ఒక్కటే మార్చాలా, ఇక మీదటివన్నీనా, మొత్తం వరుసా అని అడుగుతుంది. తొందరలో మొత్తం వరుస నొక్కితే సీజన్ అయిపోయాక కూడా అదే వేళకు మోగుతుంటుంది. ఒక్కటే మార్చండి. 'తర్వాత గుర్తుచేయి' నొక్కి నెట్టుకుంటూ పోవడం కంటే కొత్త తేదీ, కొత్త గంట రాసి పెట్టడం మేలు.

ఈ పద్ధతులేవీ అందుకోలేని పని కూడా ఒకటుంది. 2025 అక్టోబర్ 23న విండోస్ సర్వర్‌లోని అప్‌డేట్ సేవలో ఉన్న తీవ్రమైన లోపానికి మైక్రోసాఫ్ట్ నెలవారీ వరుసకు బయట ప్యాచ్ విడుదల చేసింది. ఆ సేవ వాడే చోట మూడో శనివారం దాకా ఆగడం కుదరదు. మూడో శనివారం అప్పటికే అయిపోయింది కూడా. అలాంటివాటికి భద్రతా ప్రకటనల మెయిల్‌కు విడిగా చందాదారుగా చేరి, అది వచ్చినప్పుడు చేత్తో ఒక టికెట్ తెరవడమే మేం చేస్తున్నది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మూడు పనులకు మూడు యాప్‌లు కొనక్కర్లేదు. ఒకే బోర్డులో బిల్లులకు నెల పేరుతో కొత్త కార్డు, ప్యాచ్‌లకు మూడో శనివారం వచ్చే ఒకే కార్డు, దుమ్ముకు పూర్తయిన రోజు నుంచి 45 రోజులకు కొత్త తేదీ రాసుకునే కార్డు పెట్టుకుంటే సరిపోతుంది. ముందు బిల్లుల కార్డు పెట్టండి. తప్పిన నెల తిరిగి రాని పని అదే.